పుల్లర్, స్లైడర్, పట్టీ: బ్రాండ్ వస్తువు అసలుదో కాదో చెప్పడంలో దేని మాట ఎంతవరకు నమ్మాలి?

ఒకరు వాడిన బ్రాండ్ బ్యాగునో జాకెట్‌నో కొనేటప్పుడు చాలామంది ముందుగా జిప్‌ను తిప్పి చూస్తారు. స్లైడర్ మీద వైకేకే అని కనిపిస్తే సరుకు అసలుదేనని తేల్చేస్తారు. కనిపించకపోతే నకిలీ అని పక్కన పెట్టేస్తారు. రెండు నిర్ణయాలూ తొందరపాటువే. వైకేకే 1934లో జపాన్‌లో మొదలైన జిప్‌ల కంపెనీ, బ్యాగుల కంపెనీ కాదు. ఆ పేరు నిజమైనదే అయినా జిప్ ఎవరు చేశారో మాత్రమే చెబుతుంది. బ్యాగు ఎవరు కుట్టారో చెప్పదు. అయిదు వేళ్లంత పర్సు నుంచి అతి ఖరీదైన జాకెట్ వరకు ఆ కంపెనీ జిప్‌లు పడని వస్తువంటూ లేదు. పైగా ఆ పేరునే నకలు కొట్టి స్లైడర్లు పోసేవాళ్లూ ఉన్నారు.

అలాగని జిప్ పనికిరాని ఆధారం కాదు. సరైన చోట చూస్తే చాలా చెబుతుంది. చూడదగిన చోట్లు మూడు: చేత్తో పట్టుకుని లాగే పుల్లర్, పళ్లను కలుపుతూ విడదీస్తూ జరిగే స్లైడర్, పళ్లను మోసే నేత పట్టీ. వీటిలో కొనేవాళ్లు ఎక్కువగా నమ్మేది పుల్లర్‌ను, అసలు చూడనిది పట్టీని. నా లెక్కలో ఈ వరుస తలకిందులుగా ఉండాలి.

నకిలీ చేసేవాడు డబ్బు ఎక్కడ పెడతాడు

జిప్ ఎప్పుడూ ఒకే ముక్కగా కొనాల్సిన వస్తువు కాదు. పళ్లతో కూడిన పట్టీ చుట్టలుగా మీటర్ల లెక్కన దొరుకుతుంది. దర్జీలు రన్నర్ అని పిలిచే స్లైడర్లు విడిగా సంచుల్లో దొరుకుతాయి. కావలసిన పొడవుకు పట్టీ కత్తిరించి, స్లైడర్ ఎక్కించి, చివర్లకు అడ్డు పిన్నులు బిగిస్తే జిప్ తయారవుతుంది. అసలు కంపెనీలకు ఇది మామూలు పని. నకిలీ చేసేవాడికి మాత్రం ఇది మంచి వెసులుబాటు. కొనేవాడి కన్ను పేరు మీద పడుతుందని వాడికి తెలుసు. అందుకే పేరున్న స్లైడర్ మీదా, మెరిసే పుల్లర్ మీదా ఖర్చు పెట్టి, పేరు లేని పట్టీ దగ్గర ఆ ఖర్చును మిగుల్చుకుంటాడు. అంతా బాగానే ఉండి పట్టీ మాత్రం చవకగా కనిపించే బ్యాగులు తరచుగా తగలడానికి కారణం ఇదే.

కాబట్టి ఒక్కో ఆధారాన్ని మూడు ప్రశ్నలతో తూచాలి. దాన్ని నకలు చేయడం ఎంత తేలిక? అసలు వస్తువులోనే మరమ్మతు వల్ల అది మారిపోయే అవకాశం ఎంత? అమ్మేవాడు పంపిన ఫోటోలో అది సరిగ్గా కనిపిస్తుందా?

| ఆధారం | నకలు చేయడం | మరమ్మతులో మారడం | ఫోటోలో కనిపించడం | దేనికి పనికొస్తుంది |
|---|---|---|---|---|
| పుల్లర్ | తేలిక | చాలా తరచుగా | బాగా | నాసిరకం నకిలీని వెంటనే తోసిపుచ్చడానికి |
| స్లైడర్ మీది అక్షరాలు, అంకెలు | ఒక మోస్తరు కష్టం | అప్పుడప్పుడు | దగ్గరి ఫోటో అయితేనే | వస్తువులోని జిప్‌లన్నీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా చూడటానికి |
| పట్టీ నేత, అంచు, రంగు | నాణ్యత తేవడం ఖరీదు | జిప్ మొత్తం మారిస్తేనే | కష్టంగా | నాణ్యత, వయసు, జిప్ మార్చిన ఆనవాళ్లు తేల్చడానికి |

పుల్లర్: నేరం చూపగలదు, నిర్దోషి అని చెప్పలేదు

బ్రాండ్ గుర్తుతో ఉండే పుల్లర్లు ఎక్కువగా జింక్ మిశ్రలోహంతో పోతపోసి, పైన పూత వేసినవి. కొన్ని ఇత్తడివి. నకలు కొట్టడానికి సులువైన దారి ఒక అసలు పుల్లర్ తెచ్చి దాని నుంచే అచ్చు తీయడం. అలా తీసినప్పుడు రెండు లోపాలు వస్తాయి. కరిగిన లోహం చల్లారుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు కంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది. అంతకంటే తేలిగ్గా కనిపించేది అంచుల మెత్తదనం. అసలు పుల్లర్‌లో అక్షరం గోడ నిటారుగా దిగి, అడుగు చదునుగా ఉంటుంది. నకలులో గోడ వాలుగా జారుతుంది, మూలలు గుండ్రబడతాయి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పై రకం నకిలీల్లో అచ్చును అసలు పుల్లర్ నుంచి తీయరు. కంప్యూటర్‌లో కొత్తగా గీసి, ఉక్కులో చెక్కించుకుంటారు. అప్పుడు అంచులు అసలుకు దీటుగానే వస్తాయి. అందువల్ల పుల్లర్ చెడ్డగా ఉంటే అనుమానించడానికి అది బలమైన కారణం. బాగా ఉంటే మాత్రం దానితో ఏమీ తేలదు.

మరమ్మతు సంగతి కూడా ఉంది. బ్యాగులో అందరికంటే ముందు విరిగేది పుల్లరే. చెప్పులు కుట్టే చోట, బ్యాగులు బాగుచేసే చోట అయిదు నిమిషాల్లో వేరేది తగిలిస్తారు. అసలు బ్యాగుకు పరాయి పుల్లర్ ఉండటం వింతేమీ కాదు. పాతదా, మధ్యలో వచ్చిందా అని తెలుసుకోవడానికి నేను చూసేది దాని ముఖం కాదు, రంధ్రం. స్లైడర్ వంతెనకు పుల్లర్ వేలాడే చోట లోహం లోహాన్ని రోజూ రాస్తుంది. ఏళ్ల తరబడి వాడిన బ్యాగులో ఆ రంధ్రం లోపలి అంచున పూత అరిగి కింది లోహం బయటపడి ఉండాలి. జింక్ అయితే బూడిద రంగు, ఇత్తడి అయితే పసుపు. తోలంతా నలిగి, పిడులు నల్లబడి ఉన్న బ్యాగులో ఆ రంధ్రం ఇంకా తళతళలాడుతుంటే పుల్లర్ బ్యాగు వయసుది కాదు. అది నకిలీకి రుజువు కాదు, అమ్మేవాడిని అడగాల్సిన ప్రశ్న.

స్లైడర్: పేరు కంటే పొందిక ముఖ్యం

స్లైడర్ మీద పేరు ముఖం వైపు ఉండవచ్చు, పుల్లర్ మీద ఉండవచ్చు, వెనక పొట్ట మీద ఉండవచ్చు. లాంపో అనేది ఇటలీలోని లాన్‌ఫ్రాంకి సంస్థ జిప్. మాంక్లేర్ జాకెట్ల మీద, బాలెన్సియాగా మోటార్‌సైకిల్ తరహా బ్యాగుల మీద అది తరచుగా కనిపిస్తుంది. ఆ బ్యాగుల్లో ఆ పేరు స్లైడర్ వెనక వైపు ఉంటుంది కాబట్టి తిప్పి చూడకపోతే కనబడదు. రిరి స్విట్జర్లాండ్‌లో 1936లో మొదలైన కంపెనీ. ప్రాడా బ్యాగుల్లో లాంపో, రిరి, ఆప్టి, వైకేకే అన్నీ ఎదురవుతాయి. అంటే ఒక బ్రాండుకు ఒకే జిప్ అన్న సూత్రం చాలాచోట్ల నిలవదు. ఫలానా బ్రాండు ఎప్పుడూ వైకేకేనే వాడుతుంది అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే, ఆ మాటను ఏ కాలానికి, ఏ మోడల్‌కు అన్నారో అడగండి.

అక్షరాల ఆకారాన్ని పట్టుకుని తీర్పు ఇవ్వడం కూడా ప్రమాదమే. వైకేకే సుమారు 70 దేశాల్లో, ప్రాంతాల్లో పనిచేస్తుంది. దాని అచ్చులు ఎన్నో. అక్షరం ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉండటం అసలు సరుకులోనే జరుగుతుంది. అనుమానించాల్సింది ఆకారాన్ని కాదు, పనితనాన్ని. అక్షరాల లోతు ఒక చివర ఎక్కువై మరో చివర తగ్గిపోవడం, అక్షరం మధ్యలో గాలి బుడగ గుంట, రెండు అచ్చు భాగాలు కలిసే చోట చేతికి గరుకుగా తగిలే లోహపు అంచు, లేజర్‌తో పైపైన గీకినట్టు లోతే లేని రాత వంటివి చూడాలి.

పేరు పక్కనో వెనకో ఉండే అంకె చాలామందికి పట్టదు గానీ, మన పరీక్షకు అదే ఎక్కువ ఉపయోగం. 3, 5, 8, 10 వంటి అంకెలు మూసిన పళ్ల వరుస వెడల్పును సుమారుగా మిల్లీమీటర్లలో చెబుతాయి. అంటే 5 అని ఉన్న స్లైడర్ కింద పళ్ల వరుస 5 నుంచి 6 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. కొలిస్తే 8 వచ్చిందనుకోండి, ఆ స్లైడర్ ఆ పట్టీతో పుట్టింది కాదు. అలాగే లోహపు పళ్ల స్లైడర్, పోతపోసిన ప్లాస్టిక్ పళ్ల స్లైడర్, ప్లాస్టిక్ తీగను స్ప్రింగులా చుట్టి చేసిన చుట్ట పళ్ల స్లైడర్ లోపలి గాడి ఆకారాలు వేరు. పట్టీ ఒక రకం, స్లైడర్ మరో రకం అయితే జిప్ మధ్య మధ్య పట్టేస్తుంది, లేదా స్లైడర్ వెళ్లిన వెనకే పళ్లు విడిపోతాయి.

స్లైడర్ వెనక వీటికి తోడు ఇంకో చిన్న అంకె కూడా ఉండవచ్చు. ఒక అచ్చులో ఒకేసారి ఎన్నో స్లైడర్లు పోస్తారు కాబట్టి ఏది ఏ గుంటలోంచి వచ్చిందో తెలియడానికి అలాంటి గుర్తు వేయడం పోత పనిలో మామూలే. ఒకే బ్యాగులోని రెండు జిప్‌లకు ఈ అంకెలు వేరుగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. ఒకే రకం, ఒకే సైజు జిప్‌ల మీద కంపెనీ పేర్లే వేరైతే అప్పుడు ఆగి ఆలోచించాలి.

అయస్కాంతం పరీక్ష గురించి ఒక మాట. జింక్, ఇత్తడి, అల్యూమినియం అయస్కాంతానికి అంటవు. అంటుకుంటే నకిలీ అని కొందరు వెంటనే తేల్చేస్తారు. కానీ పుల్లర్ వదిలేయగానే తనంతట తాను బిగిసే స్లైడర్ల లోపల చిన్న ఉక్కు స్ప్రింగ్ ఉంటుంది. నికెల్ పూతకు కూడా కొద్దిపాటి ఆకర్షణ ఉంటుంది. అసలు స్లైడర్ బలహీనంగా ఆకర్షించబడటం సహజం. పుల్లర్ మొత్తం టప్పున అతుక్కుంటే అది ఉక్కు రేకు అని అర్థం. అప్పుడు అదే మోడల్‌కు అసలు పుల్లర్ ఏ లోహమో కనుక్కోవాలి.

పట్టీ: ఎవరూ చూడని చోట

ఇప్పటి జిప్ పట్టీలు ఎక్కువగా పాలియెస్టర్ నూలుతో నేసినవి. దగ్గరగా చూస్తే పడుగు దారాలు పళ్ల వరుసకు సమాంతరంగా పొడవునా పరుగెడుతూ, కొన్నింటిలో చేప ముల్లులా ఏటవాలు గీతలు కనిపిస్తాయి. నేత సాదాగా ఉందా, ఏటవాలుగా ఉందా అన్నది అసలు నకిలీలను వేరు చేయదు. రెండూ రెండు వైపులా ఉన్నాయి. చూడాల్సింది నేత ఎంత దిట్టంగా, ఎంత సమంగా ఉందన్నది.

మొదట వెలుతురు పరీక్ష. జిప్‌ను తెరిచి, ఒక వైపు పట్టీని ఫోను టార్చి ముందు పెట్టండి. మంచి పట్టీలో వెలుగు పలచగా, ఒకే తీరుగా తెలుస్తుంది. చవక పట్టీలో పేక దారాలు దూరం దూరంగా ఉండి సూదిమొన చుక్కలు వరుసలు కడతాయి. అవి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. తర్వాత పళ్లు అతుక్కున్న అంచును వేలితో తడమండి. లోహపు పళ్లు, పోత ప్లాస్టిక్ పళ్లు ఉన్న జిప్‌లలో పట్టీ లోపలి అంచున తాడులా ఉబ్బిన దారం ఉంటుంది. పళ్లు కరిచి పట్టుకునేది దాన్నే. ఆ తాడు ఒకే లావున ఉంటే పళ్లన్నీ ఒకే ఎత్తున, ఒకే ఎడంతో నిలుస్తాయి. తాడు సన్నబడిన చోట పన్ను వదులై అటూ ఇటూ కదులుతుంది. చుట్ట పళ్ల జిప్ అయితే చుట్టను పట్టీకి పట్టుకున్న కుట్టు వరుసలను చూడాలి. అవి చుట్ట వంపుల మధ్య క్రమంగా పడాలి.

మూడోది వంపు. జిప్‌ను పూర్తిగా మూసి, బ్యాగును బల్ల మీద పరిచినప్పుడు పట్టీ అలలుగా లేస్తే రెండు కారణాలుండవచ్చు. ఒకటి, పట్టీ, బట్ట ఉతుకులో వేర్వేరుగా కుంచించుకుపోవడం. రెండు, కుట్టేవాడు పట్టీని లాగి కుట్టడం. జాకెట్‌లో ఇది ఉతకడం వల్ల అసలుకూ వస్తుంది. ఎప్పుడూ ఉతకని గట్టి తోలు బ్యాగులో వస్తే మాత్రం అది కుట్టు పనితనం మీద పెద్ద మచ్చ.

నాలుగోది రంగు. తడిపిన తెల్ల గుడ్డను పట్టీ మీద నాలుగైదుసార్లు రుద్దండి. కొత్తదన్న వస్తువులో గుడ్డకు రంగు దండిగా అంటితే అద్దకం నాసిరకం. కొనకముందు అమ్మేవారి అనుమతి లేకుండా ఈ పని చేయకండి. దారం కాల్చి చూసే పరీక్షను ఎప్పుడూ చేయకండి. కాల్చిన దారం తిరిగి రాదు, తేలేది కూడా అది పాలియెస్టర్ అని మాత్రమే.

పట్టీకి ఉన్న పెద్ద పరిమితి చెప్పి తీరాలి. దాని మీద బ్రాండు పేరు లేదు కాబట్టి అది ఎంత దిట్టంగా ఉన్నా వస్తువు ఫలానా బ్రాండుదని చెప్పలేదు. మంచి పట్టీ కొనే నకిలీదారూ ఉంటాడు. అది చెప్పేది నాణ్యత, వయసు, జిప్ మధ్యలో మారిందా లేదా అన్న సంగతి. వయసు విషయంలో మాత్రం దానికి సాటి లేదు. ఎండ తగిలిన భాగం వెలిసి, కుట్టు మడత కింద దాగిన భాగం అసలు రంగులో ఉండటం ఏ అచ్చుతోనూ పోతపోసేది కాదు.

ఒక బ్యాగును మూడింటితో చూద్దాం

అమ్మకానికి లూయీ విటాన్ మోనోగ్రామ్ బ్యాగు వచ్చిందనుకోండి. 1970ల నాటిదని అమ్మేవారి మాట. స్లైడర్ మీద లూయీ విటాన్ పేరు లేదు, టాలన్ అని ఉంది. టాలన్ అమెరికా జిప్ కంపెనీ. ఫ్రెంచి బ్యాగుకు అమెరికా జిప్ ఏమిటని చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. నిజానికి ఆ కాలంలో అమెరికాలో ఫ్రెంచ్ కంపెనీ అనే సంస్థ లూయీ విటాన్ అనుమతితో బ్యాగులు తయారుచేసింది. వాటిలో టాలన్ జిప్‌లు వాడారు. ఫ్రాన్స్‌లో తయారైన పాత బ్యాగుల్లో ఎక్లేర్ జిప్‌లు ఎదురవుతాయి. కాబట్టి పేరు ఒక్కటే చూసి తోసేస్తే మంచి బ్యాగు పోగొట్టుకున్నట్టే.

అలాగని టాలన్ కనిపించగానే ఒప్పుకోవడమూ కాదు. ఆ కథ ఇప్పుడు అందరికీ తెలుసు, పాత టాలన్ జిప్‌లు విడిగానూ దొరుకుతాయి. అందుకే తర్వాతి చూపు బ్యాగు లోపలి చీటీ మీద పడాలి. ప్రత్యేక అనుమతితో ఫ్రెంచ్ కంపెనీ తయారుచేసిందని ఆ చీటీ చెబుతుంది. స్లైడర్ అమెరికాను చూపుతూ, చీటీ మాత్రం ఫ్రాన్స్‌లో తయారైందని చెబుతుంటే రెండింట్లో ఒకటి పరాయిది కావచ్చు.

చీటీ సరిపోయిందనుకుందాం. ఇప్పుడు పట్టీ. కుట్టు పక్కన ఒకే వరుస సూది రంధ్రాలున్నాయా, లేక దారం లేని ఖాళీ రంధ్రాల రెండో వరుస ఉందా? రెండో వరుస ఉంటే జిప్‌ను ఒకసారి విప్పి మళ్లీ కుట్టారు. జిప్ దగ్గరి దారం రంగు, లావు, అంగుళానికి పడిన కుట్ల సంఖ్య మిగతా బ్యాగుతో కలుస్తున్నాయా? తర్వాత పట్టీ బయటి భాగాన్ని, మడతను మెల్లగా ఎత్తి లోపలి భాగాన్ని పక్కపక్కన చూడండి. దశాబ్దాలు వెలుతురులో ఉన్న పట్టీకి ఆ రెండింటి మధ్య తేడా ఉండాలి. పళ్ల మీద కూడా స్లైడర్ రోజూ రాసే వైపు మెరుగుగా, రాయని మూలల్లో నల్లగా ఉండాలి.

పట్టీ అంతా ఒకే తాజా రంగులో ఉండి, ఖాళీ రంధ్రాలు కూడా కనిపిస్తే నా నిర్ణయం ఇలా ఉంటుంది: బ్యాగు అసలుదై, జిప్ మార్చి ఉండవచ్చు. ఇక జిప్ సాక్ష్యం ఈ బ్యాగుకు చెల్లదు. కాన్వాస్, తోలు, పిడుల కుట్టు చూసి తేల్చుకోవాలి, ధర తగ్గించమని అడగాలి. అదే ఖాళీ రంధ్రాలు లేకుండా, ఒకే వరుస కుట్టుతో, పట్టీ మాత్రం కొత్తగా మిసమిసలాడుతుంటే సంగతి వేరు. జిప్ మార్చిన ఆనవాలు లేదు, అయినా కొత్తగా ఉంది. పాత రంధ్రాల్లోనే మళ్లీ కుట్టి ఉంటే తప్ప, బ్యాగే కొత్తది కావచ్చు. 1970ల నాటిదన్న మాటను అక్కడ గట్టిగా అనుమానించాలి.

మీ పరిస్థితిని బట్టి ఎంపిక

ఫోటోలు చూసి కొనేవారికి పట్టీ పరీక్షలు దాదాపు అందవు. మీకు స్లైడరే ఆధారం. అడగాల్సిన ఫోటోలు: ప్రతి జిప్ స్లైడర్ ముందు, వెనక దగ్గరగా, జిప్ మూసి పక్కన స్కేలు పెట్టి తీసినది, జిప్ చివర కుట్టుతో సహా. బయటి జిప్ ఒక్కటే చూపి, లోపలి జేబు జిప్ చూపించడానికి వెనకాడేవాడి దగ్గర కొనకపోవడం మేలు. నకిలీ చేసేవాడు డబ్బు మిగుల్చుకునే ఇంకో చోటు లోపలి జేబు.

వస్తువు చేతిలో ఉన్నవారు పట్టీతో మొదలుపెట్టి స్లైడర్‌కు, చివరగా పుల్లర్‌కు రావాలి. పుల్లర్‌తో మొదలుపెడితే దాని మెరుపు మిగతా చూపును పాడుచేస్తుంది.

కొత్త వస్తువు కొనేవారికి వయసు ఆనవాళ్లు ఉండవు. అక్కడ పట్టీ దిట్టం, పళ్ల వరుస, కుట్టు తిన్నదనం చూడాలి. రంధ్రం అరుగుదల లాంటివి పనికిరావు.

జాకెట్ల సంగతి కొంచెం వేరు. ముందు భాగం విడిపోయే జిప్‌కు కింది చివర పట్టీ మీద గట్టి పలుచటి పొర అతికించి ఉంటుంది. పిన్నును పెట్టెలోకి దూర్చేటప్పుడు పట్టీ చిట్లకుండా అది కాపాడుతుంది. కొత్త జాకెట్‌లోనే ఆ పొర అంచులు లేచి, కింది దారాలు చిందరవందరగా కనిపిస్తే నాసిరకం జిప్. వాన నీరు ఆగేలా చేసిన జాకెట్లలో పట్టీ బయటి ముఖానికి పాలియురెథేన్ పొర ఉంటుంది కాబట్టి నేత బయటికి కనిపించదు. చుట్ట పళ్లు లోపలి వైపు ఉంటాయి. నేతను, చుట్ట కుట్టును చూడాలంటే జాకెట్‌ను లోపలి వైపుకు తిప్పాలి. బయటి నుంచి చూడాల్సింది రెండు పొరల పెదవులు కలిసే గీత. మూసినప్పుడు అది పొడవునా సన్నని ఒకే గీతగా ఉండాలి. మధ్య మధ్య తెరుచుకుని కింది పళ్లు కనిపిస్తే కొత్త జాకెట్‌లో అది తప్పు. పదేళ్లు వాడిన అసలు జాకెట్‌లో ఆ పొర ముదిరి పొలుసులుగా లేవడం మాత్రం మామూలే. అక్కడ దాన్ని వదిలేసి, జేబుల స్లైడర్లను ముందు స్లైడర్‌తో పోల్చి చూడండి.